ఎనిమిది రూపాయల వడ్డీ, గ్యారంటీగా!

మన ఊళ్ళలో వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే అందరికీ తెలిసిన మామూలు వడ్డీ. మూడంటే అవసరం గట్టిదే. ఐదు రూపాయలకు అప్పు తెచ్చాడని తెలిస్తే ఆ మనిషి పని అయిపోయిందని రచ్చబండ దగ్గరే తేల్చేస్తారు. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడి, పది రూపాయల వడ్డీలు, అంతకు మించినవీ పత్రికలకెక్కినప్పుడు రాష్ట్రమంతా నోరు వెళ్ళబెట్టింది.

అదే జనం ఫోన్లలోకి ఇప్పుడు ఇలాంటి మెసేజ్ వస్తోంది. ‘ఫారెక్స్ ట్రేడింగ్. నెలకు 8% గ్యారంటీ రిటర్న్స్. క్యాపిటల్ 100% సేఫ్. ఎప్పుడు కావాలంటే అప్పుడు విత్‌డ్రా.’ కింద దుబాయ్ హోటల్లో సూటు వేసుకున్న మనిషి ఫొటో ఉంటుంది. ఎనిమిది శాతం అని చదివితే అదేదో చదువుకున్నవాళ్ళ లెక్కలా అనిపిస్తుంది. మన లెక్కలోకి మార్చుకుంటే అది ఎనిమిది రూపాయల వడ్డీ. కాకపోతే ఇక్కడ అప్పు ఇచ్చేది మీరు, తీసుకునేది ఆ కంపెనీ.

ఊళ్ళో ఎవరైనా వచ్చి ఎనిమిది రూపాయలకు అప్పడిగితే వడ్డీ వ్యాపారి ముందు ఆ మనిషిని ఎగాదిగా చూస్తాడు. బంగారం కుదువపెడితే బ్యాంకు రూపాయికో, అంతకంటే తక్కువకో ఇస్తుంది కదా, ఇంత వడ్డీకి నా దగ్గరికి ఎందుకొచ్చాడు అని ఆరా తీస్తాడు. అంత వడ్డీ కట్టడానికి సిద్ధపడినవాడికి వేరే ఎక్కడా అప్పు పుట్టడం లేదని, బహుశా తీర్చే ఉద్దేశమూ లేదని అతనికి తెలుసు. ఫారెక్స్ కంపెనీ విషయంలో ఈ ఆరా తీసేవాళ్ళు తక్కువ. నెలకు 8 శాతం ఖాయంగా ఇవ్వగలిగే యంత్రం నిజంగా ఉంటే, దాని యజమాని బ్యాంకులో ఏడాదికి 12 శాతానికి అప్పు తెచ్చుకుని మిగతాదంతా తానే ఉంచుకుంటాడు. పరాయి ఊళ్ళో ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుని, బిర్యానీ పెట్టి, రిటైరైన టీచర్లను బతిమాలుకోవాల్సిన పని అతనికి ఉండదు.

చక్రవడ్డీ వేస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. లక్ష రూపాయలు నెలకు 8 శాతం చొప్పున పెరుగుతూ పోతే ఏడాదికి దాదాపు రెండున్నర లక్షలవుతాయి. ఐదేళ్ళకు కోటి దాటుతాయి. పదేళ్ళకు 102 కోట్లు! ఒక మండలంలో వందమంది తలా లక్ష పెట్టి పదేళ్ళు కదపకుండా ఉంటే పదివేల కోట్లు చేతికి రావాలి. ఏ దేశపు బ్యాంకు, ఏ మార్కెట్టు అంత సొమ్ము ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది?

ఫారెక్స్ మార్కెట్ చాలా పెద్దది, అందులో మన కంపెనీ లాభం సముద్రంలో నీటిబొట్టంత అని ఏజెంట్లు చెబుతారు. మార్కెట్ పెద్దదన్నది నిజమే. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు 2022 ఏప్రిల్‌లో లెక్క తీసినప్పుడు ప్రపంచంలో రోజుకు ఏడున్నర లక్షల కోట్ల డాలర్ల కరెన్సీ చేతులు మారుతోందని తేలింది. అయితే చేతులు మారడం వేరు, సంపద పుట్టడం వేరు. పొలం పంటనిస్తుంది, ఇల్లు అద్దె తెస్తుంది, కంపెనీ వస్తువులు అమ్మి డివిడెండ్ ఇస్తుంది. యూరో ఇచ్చి డాలరు కొంటే కొత్తగా ఏమీ పండదు. యూరో పెరుగుతుందని ఒకరు, తగ్గుతుందని మరొకరు పందెం కాస్తే ఒకరికి వచ్చింది మరొకరికి పోయినదే. ఆ మధ్యలో బ్రోకరు కొనే ధరకూ అమ్మే ధరకూ తేడాగా తన వాటా తీసుకుంటాడు. కాబట్టి ఆడేవాళ్ళందరినీ కలిపి చూస్తే మిగిలేది నష్టమే. ఎగుమతి వ్యాపారులకూ దిగుమతిదారులకూ ఈ మార్కెట్ అవసరం. రేటు మారితే దెబ్బ తగలకుండా వాళ్ళు దీన్ని గొడుగులా వాడుకుంటారు. నెలనెలా జీతంలా డబ్బు రాల్చే చెట్టుగా దీన్ని ఎవరూ వాడుకోలేదు.

కరెన్సీ ధరలు రోజుకు కదిలేది చాలా తక్కువ, తరచుగా అర శాతం లోపే. అంత చిన్న కదలికలో పెద్ద లాభం చూపాలంటే లెవరేజ్ వాడాలి. విదేశీ యాప్‌లు ఒకటికి ఐదువందల దాకా ఇస్తుంటాయి. పదివేలు కడితే యాభై లక్షల సరుకు మీద పందెం కాసినట్టు. అది గెలిచినప్పుడు బాగానే ఉంటుంది. నూరు రూపాయల సరుకు ఇరవై పైసలు ఎదురు తిరిగిందంటే మాత్రం పదివేలూ గోవిందా! ఐరోపా సమాఖ్యలో మార్కెట్ నియంత్రణ సంస్థ 2018లో ఈ లెవరేజ్‌ను సామాన్య మదుపర్లకు ప్రధాన కరెన్సీల మీద గరిష్ఠంగా ఒకటికి ముప్పైగా కుదించింది. ఈ తరహా పందేలు కాసిన సామాన్యుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోయాయని అప్పట్లో అక్కడి లెక్కలు తేల్చాయి. అప్పటి నుంచి లైసెన్సున్న ప్రతి బ్రోకరూ తన ఖాతాదారుల్లో ఎంత శాతం మంది డబ్బు పోగొట్టుకున్నారో ప్రకటనలోనే ముద్రించాలి. అంటే చట్టబద్ధంగా నడిచే దుకాణం ‘ఇక్కడ ఎక్కువమంది నష్టపోతారు’ అని బోర్డు కట్టుకుంటుంది. ‘నష్టమే ఉండదు’ అన్న బోర్డు ఎవరిదో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

హామీ ఎందుకు కుదరదో చూపడానికి 2015 జనవరి 15 ఒక్కటి చాలు. ఒక యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే తమ కరెన్సీ బలపడకుండా స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు మూడేళ్ళకు పైగా కాపలా కాసింది. ఈ విధానమే మాకు మూలస్తంభమని ఆ బ్యాంకు ఉపాధ్యక్షుడు మూడు రోజుల ముందు కూడా అన్నాడు. ఆ గురువారం ఉదయం ఒక్క ప్రకటనతో కాపలా ఎత్తేశారు. నిమిషాల్లో ఫ్రాంకు ఒక దశలో 30 శాతం దాకా ఎగబాకింది. ‘ఇంతకంటే నష్టం రాకుండా అమ్మెయ్యి’ అని ముందే పెట్టుకున్న ఆర్డర్లకు ఆ ధర దగ్గర కొనేవాడే దొరకలేదు. బ్రిటన్‌లో అల్పారీ శాఖ దివాలా తీసింది. అమెరికాలో పేరున్న ఎఫ్‌ఎక్స్‌సీఎం బ్రోకరుకు ఖాతాదారులు ఒక్కరోజులో 22.5 కోట్ల డాలర్లు బాకీపడ్డారు. మరో సంస్థ 30 కోట్ల డాలర్ల అప్పిస్తేగాని అది నిలబడలేదు. వీళ్ళంతా లైసెన్సులూ రిస్కు నిపుణులూ ఉన్నవాళ్ళు. ఇలాంటి మార్కెట్లో ‘ప్రతి నెలా 8 శాతం, తప్పకుండా’ అన్నవాడు ఆ మార్కెట్లో లేడని అర్థం.

మరి మొదటి నెలల్లో డబ్బు నిజంగానే ఖాతాలో పడుతుంది కదా? జనాన్ని ముంచేది ఈ ప్రశ్నే. పేపర్లో వచ్చిన హెచ్చరిక కంటే బ్యాంకు ఎస్ఎంఎస్ బలమైనది. కాబట్టి ఆ ఎస్ఎంఎస్‌కు ఉన్న విలువెంతో లెక్క కట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఉద్యోగి జనవరిలో లక్ష కట్టాడు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో ఎనిమిదేసి వేలు వచ్చాయి. చేతికొచ్చింది 24 వేలు. నమ్మకం కుదిరింది. ఏప్రిల్‌లో భార్య నగలు కుదువపెట్టి ఇంకో మూడు లక్షలు వేశాడు, బావమరిదితో రెండు లక్షలు పెట్టించాడు. బావమరిదిని చేర్పించినందుకు ఐదు శాతం కమీషన్, పదివేలు, వెంటనే ముట్టింది. మే నుంచి ఇద్దరికీ కలిపి నెలకు 48 వేలు. మే, జూన్, జూలై, ఆగస్టు బాగా గడిచాయి. ఇంట్లో ఏసీ వచ్చింది. సెప్టెంబరులో యాప్ తెరుచుకోలేదు.

కంపెనీ వైపు నుంచి చూస్తే లోపలికి వచ్చింది ఆరు లక్షలు. బయటికి పోయింది కమీషన్‌తో కలిపి రెండు లక్షల ఇరవై ఆరు వేలు. ఎక్కడా ఒక్క డాలరు కొనలేదు, అమ్మలేదు. అయినా మూడు లక్షల డెబ్బై నాలుగు వేలు మిగిలాయి. నూటిని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర వస్తుంది. అంటే మీ డబ్బునే మీకు విడతలుగా ఇస్తూ పోయినా పన్నెండు నెలల పైచిలుకు నెట్టుకురావచ్చు. కొత్తవాళ్ళు ఒక్కరూ చేరకపోయినా సరే! అందుకే ఆరు నెలలు క్రమం తప్పకుండా వచ్చిందంటే అది ట్రేడింగ్‌కు రుజువు కాదు. పైగా చాలామంది ‘రీఇన్వెస్ట్’ బటన్ నొక్కి ఆ ఎనిమిది వేలు కూడా తీసుకోరు. వాళ్ళకు ఫోన్ తెర మీద అంకె పెరుగుతుంది, అంతే.

ఆ అంకె సంగతి కూడా చెప్పుకోవాలి. ఎంటీ5 లాంటి ట్రేడింగ్ యాప్‌లలో ఆకుపచ్చగా, ఎర్రగా కదిలే ధరలు నిజమైనవే కావచ్చు. కానీ మీ పేరు మీద కొన్నట్టు చూపే సరుకు, మిగిలిన బ్యాలెన్సు సర్వర్ నడిపేవాడి పుస్తకంలోని రాతలు. నేర్చుకునేవాళ్ళ కోసం అదే యాప్‌లో డెమో ఖాతా ఉంటుంది. అందులో ఉత్తుత్తి డబ్బుతో ఆడినా తెర మీద అచ్చం అసలు ఖాతాలాగే కనిపిస్తుంది.

డెమో అంటే గుర్తొచ్చేది దక్షిణాఫ్రికాలోని మిర్రర్ ట్రేడింగ్ ఇంటర్నేషనల్. స్టెలెన్‌బోష్ పట్టణం నుంచి నడిచిన ఈ కంపెనీ జనం దగ్గర బిట్‌కాయిన్ తీసుకుని, తమ రోబో ఫారెక్స్ ట్రేడింగ్ చేసి నెలకు పది శాతం తెస్తుందని చెప్పింది. కనీస పెట్టుబడి వంద డాలర్లు. చేర్పించినవారికి కమీషన్లు. 2020 ఆగస్టులో ఆ దేశపు ఆర్థిక నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించినప్పుడు వేలెత్తి చూపినవాటిలో ఒకటి ఈ హామీయే. నెలకు పది శాతమంటే ఏడాదికి రెండువందల శాతం పైమాటే, ఇది నమ్మశక్యంగా లేదు అన్నారు. పుస్తకాలు తెరవకముందే దొంగతనం వాసన తగిలింది ఆ అంకె దగ్గరే.

పుస్తకాలు తెరిచాక బయటపడింది ఇంకా విడ్డూరం. బెలీజ్‌లోని ఒక బ్రోకరు దగ్గర నిజంగానే కొంత ట్రేడింగ్ చేశారు, అందులో వచ్చింది నష్టం. లాభాలు చూపించిన ఖాతా డెమో అని తేలింది. ఆ తర్వాత సొమ్మంతా మరో బ్రోకరుకు మార్చామన్నారు. అలాంటి బ్రోకరు నిజంగా ఉన్నట్టు అధికారులకు ఆధారం దొరకలేదు. 2020 డిసెంబరు నాటికి విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి, కంపెనీ అధిపతి దేశంలో లేడు. ఏడాది తిరిగాక బ్రెజిల్‌లో పట్టుబడ్డాడు. కనీసం 29,421 బిట్‌కాయిన్‌లు, నాటి విలువలో 170 కోట్ల డాలర్లకు పైగా సేకరించారని, ఒక్క అమెరికాలోనే దాదాపు 23 వేల మంది చిక్కుకున్నారని అమెరికా కమోడిటీ ఫ్యూచర్స్ నియంత్రణ సంస్థ కోర్టుకు చెప్పింది. 2023లో అక్కడి కోర్టు 170 కోట్ల డాలర్లు బాధితులకు చెల్లించాలని, మరో 170 కోట్ల డాలర్లు జరిమానా కట్టాలని తీర్పిచ్చింది. తీర్పులో అంకె రాయడం సులువు, వసూలు చేయడమే కష్టం.

ఈ ఆట పాతదే. ఈ తరహా మోసాలన్నిటికీ తన పేరు అంటించి పోయిన చార్లెస్ పోంజీ 1920లో బోస్టన్‌లో చెప్పింది కూడా కరెన్సీ కథే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపా కరెన్సీలు పడిపోయాయి. అక్కడ చవగ్గా దొరికే అంతర్జాతీయ పోస్టల్ కూపన్లు కొని అమెరికాలో పూర్తి ధరకు మారుస్తామని, 45 రోజుల్లో 50 శాతం లాభమని చెప్పాడు. వినడానికి సబబుగానే ఉంటుంది, రేట్ల తేడా నిజమే కూడా. అయితే అతను తీసుకున్న సొమ్ముకు 16 కోట్ల కూపన్లు చలామణీలో ఉండాలని ఒక ఆర్థిక పత్రికాధిపతి లెక్క కట్టాడు. అప్పుడు చలామణీలో ఉన్నవి దాదాపు 27 వేలు! ఆ ఆగస్టులోనే పోంజీ అరెస్టయ్యాడు.

మన దేశంలో మరో మెలిక ఉంది. ఇక్కడ కరెన్సీ ట్రేడింగ్‌ను చట్టం పూర్తిగా నిషేధించలేదు, దారి మాత్రం ఇరుకు. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వంటి గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లో, సెబీ దగ్గర నమోదైన బ్రోకరు ద్వారా, రూపాయితో డాలరు, యూరో, పౌండు, యెన్ జంటల్లోనూ మరికొన్ని అనుమతించిన జంటల్లోనూ లావాదేవీలు చేయవచ్చు. రిజర్వు బ్యాంకు అనుమతిచ్చిన వేదికలు కొన్ని ఉన్నాయి. వీటి బయట విదేశీ యాప్‌కు మార్జిన్ డబ్బు పంపడాన్ని ఫెమా చట్టం ఒప్పుకోదు. చదువుకో, వైద్యానికో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చన్న సదుపాయం కూడా దీనికి వర్తించదు. ఉల్లంఘించినట్టు తేలితే పంపిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. అంటే డబ్బు పోయినవాడే సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. చాలామంది నోరు మెదపకపోవడానికి ఇదొక కారణం, మోసగాళ్ళకు అదే ధీమా.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో అనుమతి లేని ఫారెక్స్ యాప్‌లు, వెబ్‌సైట్ల జాబితాను 34 పేర్లతో విడుదల చేసింది. తర్వాత అది పెరుగుతూ వచ్చింది. ఐపీఎల్ జట్టుకు స్పాన్సర్‌గా చొక్కా మీద కనిపించిన యాప్ కూడా అందులో ఉంది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని బ్యాంకే స్పష్టం చేసింది. పేర్లు మార్చడం ఎంత పని? క్యూఎఫ్ఎక్స్ ట్రేడ్ పేరుతో నడిచిన ఫారెక్స్ పథకం మీద హిమాచల్ ప్రదేశ్‌లో పోలీసు కేసులు పడ్డాక, నిర్వాహకులు వైఎఫ్ఎక్స్ అని పేరు మార్చి అదే దందా సాగించారని 2025 ఫిబ్రవరిలో సోదాలు చేసిన ఈడీ ఆరోపించింది. అప్పుడు 30కి పైగా బ్యాంకు ఖాతాల్లో దాదాపు 170 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది.

పేరు మారినా మారనిది ఒకటుంటుంది, అది డబ్బు వెళ్ళే దారి. లండన్ కంపెనీ అంటారు, దుబాయ్ ఆఫీసంటారు. తీరా యూపీఐ చేస్తే ఫోన్లో కనిపించేది ఏ ట్రేడర్స్ పేరో, ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తి పేరో. వారం తిరిగేసరికి ఖాతా నంబరు కూడా మారుతుంది. సెబీ బ్రోకరుకు డబ్బు కట్టాలంటే మీ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా నుంచి, ఆ బ్రోకరు పేరు మీద ఉన్న ఖాతాకే వెళ్ళాలి. డబ్బు పంపే ముందు ఆ తెర మీద వచ్చే పేరును ఒక్కసారి చదవడం చాలాసార్లు సరిపోతుంది.

మన జిల్లాల్లో ఇంకో అలవాటుంది. ఏజెంటు తెలిసినవాడే, స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసిచ్చాడు, నోటరీ చేయించాడు, ముందు తేదీతో చెక్కు కూడా ఇచ్చాడు, ఇంకేం భయం అంటారు. అసలు కరెన్సీ ట్రేడింగ్‌లో బ్రోకరు అలాంటి కాగితం ఎవరికీ రాసివ్వడు. లాభం ఖాయమని హామీ ఇవ్వడానికి సెబీ నిబంధనలు ఒప్పుకోవు. ఇంత కడితే ఇంత తిరిగిస్తానని రాసిచ్చాడంటే అది డిపాజిట్ సేకరణ. అనుమతి లేకుండా డిపాజిట్లు తీసుకోవడం 2019 నాటి చట్టం కింద నేరం. ధైర్యం చెప్పుకోవడానికి బీరువాలో దాచుకున్న ఆ కాగితం నిజానికి ఏజెంటు చేసిన నేరానికి సాక్ష్యం. భద్రంగా ఉంచండి, కేసు పెట్టేటప్పుడు పనికొస్తుంది.

చివరి అంకం ఎప్పుడూ విత్‌డ్రాయల్ దగ్గరే. మొదట సర్వర్ అప్‌గ్రేడ్ అంటారు. తర్వాత కేవైసీ మళ్ళీ చేయాలంటారు. ఆ తర్వాత తెర మీది పద్దెనిమిది లక్షలు విడుదల కావాలంటే ముప్పై శాతం టాక్సు ముందుగా కట్టమంటారు. లాభం మీద పన్ను కట్టేది ప్రభుత్వానికి, బ్రోకరుకు కాదు. మూలంలోనే కోయాల్సిన పన్నయితే ఇచ్చే సొమ్ములోంచే కోస్తారు, ఎదురు కట్టించుకోరు. ఈ దశలో కట్టిన రూపాయి కూడా వెనక్కి రాదు. కొన్నాళ్ళకు ‘మీ డబ్బు రికవరీ చేసిపెడతాం’ అని ఇంకొకరు ఫోన్ చేస్తారు. బాధితుల నంబర్ల జాబితా వాళ్ళ దగ్గరికి ఎలా చేరిందో ఊహించడం కష్టమేమీ కాదు.

అప్పటికే డబ్బు పంపినవాళ్ళు ఏజెంటు ‘సోమవారం వచ్చేస్తుంది’ అన్న మాట పట్టుకుని కూర్చోవద్దు. 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఏ ఖాతాకు వెళ్ళిందో ఆ పేరు, తేదీ, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాకముందే చాట్ అంతా దాచుకోండి. అక్రమ డిపాజిట్ల మీద రిజర్వు బ్యాంకు నడిపే sachet.rbi.org.in లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గంటల్లో దాటిపోతుంది. దాటకముందు ఫిర్యాదు అందితేనే బ్యాంకు దాన్ని ఆపగలదు.